మలుపు కొట్టే ఎడమ చెయ్యి

మా తోడికోడలు ఒక సంగీతం మాస్టారి నోరు ఆరు సబ్బుబిళ్లలతో మూయించింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. వినికిడి మీద చెప్పేవాళ్లయితే సబ్బుల్ని పన్నెండు చేసి, మాస్టారిని ఏడిపించి మరీ చెబుతారు. ఆయన ఏడవలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలు. ఇద్దరం ఒకే లాండ్రీలో పనిచేశాం. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల టేబుల్ గుడ్డలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ. రోలరు మిషనులోంచి వేడివేడిగా వచ్చే దుప్పటిని చెరో కొసా పట్టుకుని మడతపెట్టడం మా పని. లాండ్రీ వెనక రేకుల హాలు ఒకటుంది. సెలవురోజు సాయంత్రం పనివాళ్లంతా అక్కడ చేరి గుండ్రం ఆట ఆడతారు. ఆటకి డోలు వాయించేది మా తోడికోడలే. ఊరంతటికీ ఆమె డోలక్క. నాకు మాత్రం అక్క. మిగతావాళ్లతో కలిసి నేనూ అదే పేరు పెట్టి పిలిస్తే ఇక నా ప్రత్యేకత ఏముంది?

లాండ్రీకి పాతికేళ్లు నిండాయని మేనేజరు సభ పెట్టాడు. ఆట చక్కగా ఉండాలని సంగీతం బడిలోంచి ఒక కుర్ర మాస్టారిని తెచ్చాడు. మాస్టారి చొక్కా మేం ఇస్త్రీ చేసిందే. మడత చూసి గుర్తుపట్టాను. ఆయన రెండు చుట్లు ఆట చూసి చెయ్యెత్తాడు.

"ఆగండి, ఆగండి. డోలు మూడులో నడుస్తోంది. కాళ్లు రెండులో నడుస్తున్నాయి. ఎవరో ఒకరు తప్పు."

"ఎవరిది తప్పో మీరే చెప్పండి మాస్టారూ," అంది అక్క.

"కాళ్లదే."

"అయితే కోసేద్దామా?"

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అక్క లేచి మూలనున్న అట్టపెట్టెలోంచి ఆరు సబ్బుబిళ్లలు తెచ్చి బల్లమీద వరసగా పెట్టింది.

"ఎన్ని?"

"ఆరు."

"మూడేసి పెట్టండి. ఎన్ని కుప్పలయ్యాయి?"

"రెండు."

"ఇప్పుడు రెండేసి పెట్టండి."

ఆయన పెట్టాడు. "మూడు."

"సబ్బులు పెరిగాయా, తరిగాయా?"

అక్క డోలు ఒళ్లోకి లాక్కుంది. "ఆరు దెబ్బల చోటుంది నాకు. ఎడమచెయ్యి ఒకటి మీదా, నాలుగు మీదా కొడుతుంది. అంటే మూడేసి సబ్బుల కుప్పలు రెండు. కుడిచెయ్యి ఒకటి, మూడు, అయిదు మీద కొడుతుంది. రెండేసి సబ్బుల కుప్పలు మూడు. ఇద్దరూ ఒకటి మీద కలుసుకుంటారు, ఆరూ అయ్యాక మళ్లీ ఒకటి మీదే కలుసుకుంటారు. మధ్యలో ఎవరి దారి వాళ్లది. మా కాళ్లు ఎడమచేతి మాట వింటాయి, చప్పట్లు కుడిచేతి మాట వింటాయి. ఇందులో తప్పెవరిదో తేల్చండి."

తేల్చలేక ఆయన ఇంకోటి పట్టుకున్నాడు. "సరేనండీ, ఒప్పుకున్నాను. మరి వలయం మలుపు తీసుకుని ఎదురుదిక్కుకి తిరిగేముందు కాళ్లు కూడా మూడు వేస్తున్నాయేం? అక్కడ చూడటానికి గందరగోళంగా ఉంది. అది తీసేయండి. మొదట్నుంచీ చివరిదాకా రెండే వేయండి."

"తీసేద్దాం," అంది అక్క. ఎంత తొందరగా ఒప్పుకుందంటే, నాకు అప్పుడే భయమేసింది. "మీరే లెక్క చెప్పండి, మీరే మలుపు చెప్పండి. ఎడమచెయ్యి మాత్రం రెండు దాటదు."

ఆయన లెక్కపెట్టాడు, మేం ఆడాం. ఆయన "మలుపు" అన్నాడు. ముప్ఫై మందిమి ఒకరిమీద ఒకరం పడ్డాం. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే బావ మోచెయ్యి నా డొక్కలో దిగింది. ఆయన వరసకి నాకేమీ కాడు; లాండ్రీలో అందరికీ బావే.

ఎందుకు పడ్డామో మాస్టారికి అక్క చెప్పలేదు, నన్ను చెప్పమంది. నేను చదివింది మూడో తరగతి. అయినా నా కాళ్లకి తెలిసిందే కదా అని చెప్పాను. కుడివైపు పోతున్నప్పుడు ఒకటి మీద కుడికాలు, నాలుగు మీద ఎడమకాలు. ఆరు పూర్తయ్యేసరికి బరువు ఎడమకాలిమీద ఉంటుంది, కుడికాలు ఖాళీగా ఉంటుంది. అది ఎన్ని చుట్లయినా కుడివైపుకే పోతుంది. వలయం ఎడమవైపు తిరగాలంటే ఎడమకాలు ఖాళీ కావాలి. అందుకని మలుపు దగ్గర అదే ఆరు దెబ్బల్లో మూడడుగులు: కుడి, ఎడమ, కుడి. ఇప్పుడు బరువు కుడికాలిమీద, ఎడమకాలు ఖాళీ. తర్వాతి ఒకటికి దర్జాగా ఎడమకి పోవచ్చు. ఆట ఆగక్కర్లేదు, తొందరపడక్కర్లేదు. రెండే వేస్తే, బరువు మోస్తున్న కాలినే ఎత్తమన్నట్టు. పడక ఏం చేస్తాం?

మాస్టారు తన బూట్లతోనే కుడి, ఎడమ, కుడి వేసి చూసుకున్నాడు. తర్వాత, "ఇలా రెండు పట్టే చోట మూడు పట్టించడానికి పుస్తకాల్లో ఒక పేరుందండీ, హెమియోలా అంటారు," అన్నాడు.

"దగ్గు మందు పేరులా ఉంది," అన్నాను.

ఆ రోజు నెగ్గింది అక్క. మాస్టారు ఆ తర్వాత కూడా వచ్చేవాడు, చూసి నేర్చుకోవడానికి. దాంతో నేను ఆయన్ని క్షమించాను.

ఈ విద్య అక్కకి ఎవరు నేర్పారని చాలామంది అడిగారు. డోలు పట్టడం వాళ్ల మేనమామ నేర్పాడు. రెండుచేతుల్నీ విడదీయడం మాత్రం రోలరు మిషను దగ్గర నేర్చుకుంది. ఆ మిషను రోజంతా టక్ టక్ టక్ టక్ అని ఒకే తీరున కొట్టుకుంటుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, దుప్పటి మడతపెడుతూ అక్క అడిగింది:

"ఇది మూడు కొడుతోందా, రెండు కొడుతోందా?"

కాసేపు విని, "మూడు," అన్నాను.

"నా తల చూడు," అని రెండేసి దెబ్బలకోసారి తల ఊపింది. నా కళ్లెదుటే మిషను రెండు కొట్టడం మొదలుపెట్టింది! మూడేసికి తల ఊపింది, మళ్లీ మూడైంది. నేను బిత్తరపోయి మిషను వెనక్కి వెళ్లి చూసొచ్చాను.

"దానికి మూడూ తెలీదు, రెండూ తెలీదే పిచ్చిదానా. కొట్టుకుపోవడమే దాని పని. విడగొట్టుకునేది మనం."

రెండూ ఒకేసారి చెయ్యడం నాకు నెలలు పట్టింది. కుడిచెయ్యి మొదలుపెడితే ఎడమచెయ్యి దాని వెనకే పోయేది. చివరికి ఒక మాట ఇచ్చింది: "ఏమిటిదీ". "ఏ" దగ్గర రెండుచేతులూ, "మి" కుడి, "టి" ఎడమ, "దీ" కుడి. ఏ, దీ అన్నవి సాగుతాయి, మి, టి పొట్టిగా వెంటవెంటనే పడతాయి. ఆరు దెబ్బల చోటు సరిగ్గా నిండుతుంది. నోరు అంటుంటే చేతులు వాటంతట అవే పడ్డాయి. వారంపాటు వంటగదిలో గిన్నెల మీద ఏమిటిదీ ఏమిటిదీ అని కొట్టాను. మా ఆయన, "ఏమిటో నువ్వే చెప్పు," అని విసుక్కుని వరండాలో కూర్చున్నాడు.

అక్క కుదురుగా ఉండేది కాదు. బస్సులో ముందు సీటు కమ్మీ మీద వేళ్లు, మంచినీళ్ల గ్లాసు మీద వేళ్లు, ఎవరైనా చెబుతున్నది వింటుంటే తన మోకాలి మీద వేళ్లు. నా పెద్దకొడుకు జ్వరంతో పడుకుంటే వాడి వీపు మీద కూడా. పక్కన కూర్చుంటే మనకీ ఏదో తరుముకొస్తున్నట్టుండేది. "అక్కా, ఒక్క నిమిషం ఆగవే తల్లీ," అంటే ఆపేది. ఆపితే ఇంకా కంగారుగా ఉండేది.

పోయినేడు ఒక ఉదయం దుప్పటి మడత మధ్యలో ఆమె వైపు కొస కిందపడింది. ఆమె చేతిలోంచి దుప్పటి జారడం నేనెన్నడూ చూడలేదు. "పట్టుకో," అన్నాను కోపంగా. ఆమె నోరు ఒక పక్కకి పోయింది, మాట రాలేదు. ఆ "పట్టుకో" అన్న మాట నాకిప్పటికీ గొంతులో ముల్లే.

పక్షవాతమని పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. తన కిందున్న దుప్పటి మా లాండ్రీదేనని తెలుసుకుని, మడత ఎవరు పెట్టారో గాని దరిద్రంగా ఉందంది. దాంతో మాట వచ్చేసిందని మాకు ధైర్యం వచ్చింది. కాలూ వచ్చింది. ఎడమచెయ్యే పూర్తిగా రాలేదు.

"వేళ్లు నా మాట వింటున్నాయే, కాకపోతే ఒకసారి ఆలోచించుకుని వింటున్నాయి," అంది.

మూడునెలలకి మళ్లీ హాల్లో డోలు ముందు కూర్చుంది. అందరం చప్పట్లు కొట్టాం. మొదటి చుట్టులోనే నా పాదాలు గతుక్కుమన్నాయి. ఎడమచెయ్యి నాలుగు మీద పడాల్సింది. అరదెబ్బ వెనకపడి, ఒక్కోసారి మొత్తం దెబ్బ వెనకపడి, అయిదు మీద కుడిచేతితో కలిసి పడుతోంది. మామూలప్పుడు రెండు చేతులూ ఒకటి మీద తప్ప కలవకూడదు. మూడు మీదా, అయిదు మీదా కలిశాయంటే అది మలుపని మా కాళ్లకి తెలుసు. ఇప్పుడు మలుపు కాని చోట మలుపులా వినిపిస్తోంది. నిజంగా మలుపు కొట్టబోయినప్పుడు మూడు మీద పడాల్సిన ఎడమచెయ్యి జారి నాలుగు మీద పడుతోంది. అప్పుడది మామూలు రెండులా వినిపిస్తోంది. అటు తిరగాలో ఇటు పోవాలో తెలీక అందరూ కాళ్లు ఈడ్చారు.

మలుపు ఎప్పుడొస్తుందో అక్క ముందుగా చెప్పదు. లెక్కా ఉండదు. వలయాన్ని చూసి, జనం ఊపు చూసి, అప్పుడు కొడుతుంది. ఆ చెప్పకపోవడంలోనే ఉంది ఆట మజా. కాబట్టి వినడం తప్ప దారిలేదు. అయితే నేను ఒకటి పసిగట్టాను. మలుపుకి ముందు ఆమె గడ్డం కొంచెం పైకి లేస్తుంది. ఎన్నేళ్లబట్టి లేస్తోందో, ఎవరమూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

మంచినీళ్ల కుండ దగ్గర ఒక్కొక్కరి చెవిలో వేశాను: "చేతులు వినొద్దు. గడ్డం చూడండి."

మరుసటి వారం ఆట బ్రహ్మాండంగా సాగింది. ఆ పై వారమూ సాగింది. అక్క మొహం వెలిగిపోయింది. "చూశావా? చెయ్యి దారికొచ్చేసింది," అంది. "వచ్చేసింది," అన్నాను నేను. ఎవరి మొహం మీదైనా ఉన్నదున్నట్టు అనేస్తానని పేరున్నదాన్ని. నా కోడలు వండిన కూర బాగాలేదని పెళ్లయిన మూడోరోజే చెప్పినదాన్ని. నోటితో ఒక్కటే అబద్ధం ఆడాను. కాళ్లతో రెండు నెలలపాటు ఆడాను. అన్నాళ్లూ నాకు కుదురులేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నా వేళ్లే ఇప్పుడు గ్లాసుల మీద కొట్టుకునేవి.

అంతలో ఇస్త్రీ బావ ఒక స్పీకరు పెట్టె తెచ్చి హాలు మూలన పెట్టాడు. వచ్చే నెల పక్క లాండ్రీవాళ్లు ఆట చూడటానికి వస్తున్నారు. బావ మెల్లిగా, నేలకేసి చూస్తూ అన్నాడు:

"డోలక్కా, నువ్వు అలిసిపోతావేమోనని... పాతవి రికార్డు చేసినవున్నాయి. ఆ ఒక్క రోజుకీ పెట్టెలోంచి వేసేద్దామా?"

"నా చెయ్యి తప్పుతోందా బావా?"

"అబ్బే."

"మరి?"

బావ ఇస్త్రీలో గట్టివాడే గాని అబద్ధంలో కాదు. నావైపు చూశాడు. అక్క ఆ చూపు పట్టేసింది.

ఆ సాయంత్రమే ఆమె స్టూలు గిర్రున తిప్పి, గోడకి ఎదురుగా, మాకు వీపుపెట్టి కూర్చుంది. "కళ్లలో లైటు పడుతోంది," అంది. ఆ హాల్లో లైటు మొదట్నుంచీ అక్కడే ఉంది. ఆమె మొదలుపెట్టింది.

ఆరు, ఆరు, ఆరు. మూడో ఆరులో ఎడమచెయ్యి నాలుగు దాటి అయిదు మీద పడింది. చూద్దామంటే ఆమె గడ్డం గోడవైపుంది. నేను చేతినే నమ్మి మలుపనుకుని మూడు వేశాను. నాలాగే పదిమంది వేశారు. మిగతావాళ్లు రెండే వేశారు. తర్వాతి ఒకటికి నేను ఎడమకి, బావ కుడికి. ఆయన నుదురూ నా నుదురూ ఢీకొన్న చప్పుడు డోలుకంటే గట్టిగా వినిపించింది. ఎవరో కెవ్వుమన్నారు, ఎవరో కూలబడ్డారు.

అక్క వెనక్కి తిరగలేదు.

"నువ్వెన్ని వేశావే?" అంది గోడతో మాట్లాడుతున్నట్టు. నన్నేనని అందరికీ తెలుసు.

"మూడు."

"నేను రెండు కొట్టాను."

ఆమె డోలు మీద గుడ్డ కప్పి, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు అక్క పనిలోకి వచ్చింది. నా నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. దుప్పటి తర్వాత దుప్పటి మడతపెట్టాం. ఆమె ఎడమచేతి కొస నాకంటే ఒక క్షణం ఆలస్యంగా కలుస్తోంది. నేను అలవాటుగా నా కొస ఆపి, ఆమె చెయ్యి వచ్చాక కలుపుతున్నాను. పదో దుప్పటి దగ్గర ఆమె చటుక్కున ఆగింది.

"ఇదిగో, ఇక్కడ కూడా అదే చేస్తున్నావు."

"ఏం చేశాను?"

"నాకోసం ఆగుతున్నావు. గడ్డం సంగతి మొదలుపెట్టింది ఎవరు?"

"నేనే."

"అనుకున్నాను. మిగతావాళ్లకి అంత తెలివిలేదు." పొగిడిందో తిట్టిందో నాకు అర్థంకాలేదు. రెండూ అయి ఉంటాయి. "రెండు నెలలు నన్ను వెర్రిదాన్ని చేశారే అందరూ కలిసి."

"స్పీకరు పెట్టెకి ఇచ్చెయ్యమంటావా నీ చోటు? నన్ను చూస్తూ ఊరుకోమంటావా?" అని నేనూ లేచాను. "నువ్వు డోలు ముందు కూర్చోకపోతే ఆ హాల్లోకి వెళ్లేదెవరు? ఆ పెట్టె మొహం చూడటానికా?"

"పెట్టెకి మలుపు ఎప్పుడూ ఒక్కచోటే వస్తుంది," అంది అక్క. "వారం తిరిగేసరికి కాళ్లు నిద్రపోతాయి. అది నాకు తెలీదా? కానీ తప్పు చెప్పే చెయ్యి ఉన్నా అంతే. మీరు వినడం మానేసి నా మొహం చూస్తారు. ఇక నేను ఎందుకక్కడ? మొహం చూపించడానికా?"

వేడి దుప్పటి మా ఇద్దరి మధ్యా వేలాడుతోంది. మిషను కొట్టుకుపోతోంది. వెనకున్న పిల్ల "కానివ్వండి అమ్మా," అని గోలపెట్టింది. "ఆగవే, నీ దుప్పట్లకేం పుట్టిమునగలేదు," అన్నాను.

అక్క తన ఎడమచెయ్యిని కుడిచేత్తో పట్టుకుని చూసుకుంది. గొంతు తగ్గించింది.

"నీకో సంగతి చెబుతాను, ఎవరితోనూ అనకు. నా చెయ్యి నాకు వినిపించడం లేదే. కొట్టాలనుకున్నదే వినిపిస్తోంది. నిన్న నా చెవికి నాలుగు మీదే పడింది. ఒట్టు. నువ్వు మూడు వేశానన్నాక కదా నాకు తెలిసింది. రోజూ పొద్దున్నే గంటసేపు సాధన చేస్తున్నాను. కుదుటపడుతోందో, అలా అనుకుంటున్నానో, చెప్పడానికి ఎవరూ లేరు. డాక్టరు వేళ్లు నొక్కి చూసి బాగుందంటాడు. ఆయనకేం తెలుసు, ఆయన ఆడడు."

"నేనేం చెయ్యాలి?" అన్నాను.

"ఈ సెలవురోజు నేను మామూలుగానే కూర్చుంటాను. గోడకి కాదు, మీ ఎదురుగానే. మిగతావాళ్లు గడ్డమే చూసుకోనీ, నేనేమీ అనను. నువ్వు మాత్రం కళ్లు మూసుకుని ఆడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు చెయ్యి పట్టి లాగినా వాళ్లతో పోవద్దు. నా ఎడమచెయ్యి ఎక్కడ పడితే అక్కడ నీ కాలు పడాలి. అది రెండంటే రెండు, మూడంటే మూడు. తప్పు చెబితే తప్పే వెయ్యి, సర్దుకుని అరడుగు కూడా వెయ్యొద్దు. పడితే పడు. పక్క లాండ్రీవాళ్లు వచ్చేలోపు నాలుగు సెలవురోజులున్నాయి, నాలుగు రోజులూ అలాగే ఆడు. నువ్వు నిలబడ్డావా, నేను వాయిస్తాను. పడ్డావా, ఆ పడిన చప్పుడు విని నా అంతట నేనే లేచి బావ పెట్టె మీట నొక్కుతాను. ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. చేస్తావా?"